‘బస్సులో వచ్చావా అమ్మా?’

ప్రశ్న: నేను తిరుపతిలో మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేశాను. పోయిన వారం ఒక ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూకు వెళ్తే అరగంట బయటి గదిలో కూర్చోబెట్టారు. ఒక పెద్దాయన వచ్చి ‘బస్సులో వచ్చావా అమ్మా?’ అన్నారు. ‘అవును సార్’ అన్నాను. నా పక్కనున్న అమ్మాయి మాత్రం ఆయనతో నవ్వుతూ ఏదేదో మాట్లాడింది. తీరా లోపలికి వెళ్తే ఇంటర్వ్యూ చేసేవాళ్లలో ఆయనా ఉన్నారు. చివర్లో ‘సరే, ఎలా వెళ్తావు?’ అంటే ‘బస్సులో సార్’ అని లేచి వచ్చేశాను. వారంలో చెబుతామన్నారు, ఇంకా కబురు లేదు. ఈ నెలాఖరులో చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షల ఉద్యోగానికి మరో ఇంటర్వ్యూ ఉంది. చదువు గురించి అడిగితే చెప్పగలను కానీ, ఇలాంటి మాటలు నాకు రావు. ఏం చేయాలి?

సమాధానం:

ఆ పెద్దాయనకు మీ బస్సు గురించి తెలుసుకోవాల్సిన అవసరం లేదు. లోపల ఇంకొకరి ఇంటర్వ్యూ జరుగుతోంది, ఆయనకు పది నిమిషాలు ఖాళీ దొరికింది, ఎదురుగా ఇద్దరు అమ్మాయిలు బిగుసుకుని కూర్చున్నారు. ఏదో ఒక మాటతో ఆ బిగువు సడలించాలనుకున్నారు. ‘అవును సార్’ అన్నది మర్యాదైన జవాబే. కానీ దాంతో మాట అక్కడికక్కడే తెగిపోయింది, ఇంకో విషయం వెతుక్కునే పని మళ్లీ ఆయన మీదే పడింది. మీ పక్కనున్న అమ్మాయి ఆ పనిలో సగం తాను తీసుకుంది. ఆమె మీకంటే తెలివైనదని గానీ, మీకంటే చలాకీ అని గానీ నేననుకోను.

కొన్నేళ్లపాటు ఇంటర్వ్యూ బల్లకు అవతలి వైపు కూర్చున్న అనుభవంతో ఒక మాట చెబుతాను. బయటి గదిలో మాట్లాడినదానికి ఎవరూ మార్కులు వేసుకోరు. అయినా ఆ మాటల ప్రభావం లోపలికి వస్తుంది. అమెరికాలో ముర్రే బారిక్, బ్రయన్ స్వైడర్ అనే పరిశోధకులు 2010లో ఒకసారి, 2016లో మరోసారి ఇదే విషయం మీద అధ్యయనాలు ప్రచురించారు. అసలు ప్రశ్నలు మొదలుకాక ముందు నడిచే పిచ్చాపాటీలో ఏర్పడిన అభిప్రాయం ఆ తర్వాతి అంచనా మీద పడుతోందని మొదటిదానిలో తేలింది. మీకు ఎక్కువగా పనికొచ్చేది రెండోది. అందరినీ ఒకే వరుస ప్రశ్నలు అడిగే ఇంటర్వ్యూల్లో ఆ తొలి అభిప్రాయం మొదటి ప్రశ్నల మార్కుల మీద గట్టిగానూ, పోనుపోను తక్కువగానూ పనిచేస్తుందట. అంటే బయట మాట కలవకపోయినా, తర్వాతి జవాబులు బాగుంటే లెక్క సరిపడే అవకాశం ఉంది. అలాగే, బయట ఎంత బాగా మాట్లాడినా చివరి ప్రశ్నల్లో తేలిపోతే ఆ పరిచయం కాపాడదు. దీనికి ఇవ్వాల్సిన విలువ అంతే.

ఇక నెలాఖరు ఇంటర్వ్యూ సంగతి. మీరు నేర్చుకోవాల్సింది చాలా చిన్న పని: అడిగినదానికి జవాబు చెప్పండి, దారిలో మీ కంటపడిన ఒక విషయం జోడించండి, ఆయన తేలికగా చెప్పగలిగే ఒక ప్రశ్న అడగండి. మూడూ కలిపి పదిహేను సెకన్లు దాటకూడదు. అదే ప్రశ్న మళ్లీ వచ్చిందనుకోండి, ఇలా నడవవచ్చు:

‘బస్సులో వచ్చావా అమ్మా?’

‘అవును సార్, తిరుపతి నుంచి. పూతలపట్టు చుట్టుపక్కల తోటల్లో కాయ బాగానే కనిపించింది. ఇక్కడ లైను ఎప్పుడు మొదలవుతుంది సార్?’

‘జూన్‌లో అనుకుంటున్నాం. కాయ ఇంకా ముదరాలి. వచ్చినా నేరుగా లైనులో పోయం కదా, మాగాలి.’

‘మాగబెట్టే గదులు ఇక్కడే ఉన్నాయా సార్?’

‘ఉన్నాయి, వెనక వైపు.’

ఇంత చాలు. ఇందులో మీరు గొప్పగా చెప్పింది ఏమీ లేదు. కానీ రెండో ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో గమనించండి. ఆయన ‘మాగాలి’ అన్నారు, మీరు ఆ మాటనే పట్టుకున్నారు. ఎదుటివాళ్లు చెప్పినదాని నుంచే మరో ప్రశ్న అడిగేవాళ్లను జనం ఎక్కువగా ఇష్టపడతారని హార్వర్డ్ పరిశోధకులు 2017లో చూపించారు. పరిశోధన దాకా ఎందుకు, మన ఇళ్లకు వచ్చే చుట్టాల్లో ఎవరు మళ్లీ రావాలనిపిస్తుందో తలచుకున్నా తెలుస్తుంది. విన్నారన్నదానికి ఆ ప్రశ్నే రుజువు. ముందే రాసుకొచ్చిన ప్రశ్నలు వరుసగా అడిగితే మాత్రం అది పిచ్చాపాటీ కాదు, ఎదురు ఇంటర్వ్యూ.

ప్రశ్న తేలికగా ఉండాలని ఎందుకన్నానంటే, ‘మీ కంపెనీ ఎగుమతులు ఎలా ఉన్నాయి సార్?’ అని అడిగే పిల్లలు ఉంటారు. ఇంటర్నెట్‌లో చదివి వచ్చామని చూపించుకోవాలని వాళ్ల ఆశ. నిలబడి టీ తాగుతున్న మనిషి దానికి ఏం చెబుతాడు? ‘బాగున్నాయి’ అని పక్కకు తప్పుకుంటాడు. తన పనిలో రోజూ చూసేది, ఆలోచించకుండా ఒక్క వాక్యంలో చెప్పగలిగేది అడగాలి. లైను ఎప్పుడు మొదలవుతుంది, కాయ ఏ వైపు నుంచి ఎక్కువగా వస్తుంది, సీజన్‌లో ఎన్ని షిఫ్టులు ఉంటాయి, ఇలాంటివి.

మీలా చదువుకున్నవాళ్లకు ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. మాగడం, గుజ్జు అనగానే మీకు తెలిసినదంతా నోటి చివరకు వస్తుంది. తోతాపురి గుజ్జుకు తీపి 14 బ్రిక్స్, ఆల్ఫాన్సోకు 16, ఆమ్లత ఇంత ఉండాలి అని బయటి గదిలోనే చెప్పేయకండి. అవి లోపల అడుగుతారు, అప్పుడు చెబితే జవాబు, ఇక్కడ చెబితే ప్రదర్శన. పైగా మాగే గదుల గురించి అడిగిన అమ్మాయిగా మీరు ఆయనకు గుర్తుంటే, లోపల మొదటి ప్రశ్న అటు వైపు నుంచే రావచ్చు. ‘నువ్వు ఇందాక మాగబెట్టడం గురించి అడిగావు కదా, పూర్తిగా మాగని కాయ లైనులో పడితే పరీక్షలో నీకు ఏం తేడా కనిపిస్తుంది?’ అంటే మీరు తయారుగా ఉన్న చోటికే ఆయన వచ్చినట్టు. బ్రిక్స్ తక్కువగా వస్తుందనీ, పులుపు ఎక్కువగా ఉంటుందనీ, రంగు పాలిపోయి ఉంటుందనీ అప్పుడు ధైర్యంగా చెప్పండి.

మామిడి గురించి మాట వస్తే ఒక చోట జాగ్రత్త కావాలి. అది ధర. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇచ్చేలా, పైన ప్రభుత్వం 4 రూపాయలు కలిపేలా నిర్ణయం చేయాల్సి వచ్చింది. ఆ వేడి చిత్తూరు పల్లెల్లో ఇంకా చల్లారలేదు. ‘మీకూ తోట ఉందా?’ అని ఆయన అడగవచ్చు. ఉంటే ఉందని చెప్పండి, దాచవద్దు. ‘పోయిన ఏడాది ఎలా ఉంది?’ అంటే ‘ధర తక్కువే వచ్చింది సార్, నాన్నకు కష్టమైన సీజనే’ అనండి. అది నిజం, అందులో ఎవరి మీదా తీర్పు లేదు. ‘ఫ్యాక్టరీల వాళ్లు రైతులను ముంచేశారు’ అనడానికి గానీ, ఆయన మెప్పు కోసం ‘రైతులే నాణ్యత లేని కాయ తెస్తున్నారు’ అనడానికి గానీ ఆ గది తగదు. రెండోది మొదటిదాని కంటే చెడ్డది. తోట పెట్టుకుని అలా మాట్లాడే మనిషిని ఎవరూ నమ్మరు.

తిరుపతి వాళ్లకు ఇంకో ప్రశ్న ఎప్పుడూ తప్పదు. మీ దరఖాస్తులో ఊరు చూసి, చెన్నై నుంచో బెంగళూరు నుంచో వచ్చిన అధికారి ‘తిరుపతా! అయితే దర్శనం నువ్వే చూసుకోవాలి’ అంటారు. నూటికి తొంభైమంది అది సరదాగానే అంటారు. కంగారులో ‘మా బాబాయి దేవస్థానంలో పనిచేస్తారు సార్, చేయిస్తాను’ అనేస్తే సరదా కాస్తా బాకీగా మారుతుంది. బుద్ధిమంతుడైన అధికారికి అది ఇబ్బంది. కాని వాడైతే, మీకు ఉద్యోగం వచ్చినా రాకపోయినా నెల తిరక్కుండా ఫోను చేస్తాడు. నవ్వి, ‘మేమూ ఆన్‌లైన్‌లో మూడు వందల టికెట్టు కోసం మీలాగే కాచుకుంటాం సార్. మీరు ఈమధ్య వచ్చారా?’ అనండి. అడిగినదానికి జవాబూ అయింది, మాటా ఆయన వైపు తిరిగింది. దర్శనం కథలు లేని మనిషి ఈ చుట్టుపక్కల ఎవరున్నారు, అక్కడి నుంచి ఆయనే మాట్లాడతారు.

పిచ్చాపాటీ ముసుగులో వచ్చే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఆడపిల్లలకు ‘ఇంట్లో సంబంధాలు చూస్తున్నారా?’ అన్నది మొదటిది. ‘మీది ఏ ఊరు, అక్కడ ఎవరి తాలూకు?’ అంటూ కులం దాకా తవ్వేది రెండోది. మొదటిదాని వెనక చాలాసార్లు ఉండే అసలు సందేహం, సీజన్ మధ్యలో వదిలిపోతారేమోనని. ఆ సందేహానికే జవాబు ఇవ్వండి: ‘సీజన్ పూర్తయ్యేదాకా సెలవు పెట్టాల్సిన పని ఏదీ లేదు సార్.’ సంబంధాల ఊసు ఎత్తనక్కరలేదు. రెండోదానికి ఊరి పేరు చెప్పి ఆగండి. అక్కడితో ఆగని మనిషి దగ్గర ఉద్యోగం ఎలా ఉంటుందో మీరూ ఆలోచించుకోవాలి. ఆ గదిలో చూసేది వాళ్లొక్కరే కాదు, మీరు కూడా.

భాష గురించి ఒక మాట. చిత్తూరులో ఇంటర్వ్యూ తెలుగులో మొదలై ఇంగ్లీషులోకి వెళ్లి, మధ్యలో తమ మధ్య తమిళంలోకి జారడం మామూలే. వాళ్లు ఏ భాషలో పలకరిస్తే ఆ భాషలోనే పలకండి. తెలుగులో ఆప్యాయంగా అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెబితే మనిషి వెనక్కి జరుగుతాడు. మీకు తమిళం అర్థమవుతుంటే ఆ సంగతి పిచ్చాపాటీలోనే ఎక్కడో ఒక చోట తెలియనివ్వండి. మీకు తెలియదనుకుని మీ గురించి మీ ముందే తమిళంలో మాట్లాడుకుని, ఆ తర్వాత మీకు వచ్చని తెలిస్తే ఇబ్బంది పడేది వాళ్లే. ఆ ఇబ్బంది మీ ఖాతాలో పడుతుంది.

పోయిన వారం పక్కనున్న అమ్మాయి మాట్లాడుతుంటే మీరేం చేశారో రాయలేదు. బహుశా నేల చూస్తూనో ఫోను చూస్తూనో కూర్చుని ఉంటారు. అలాంటప్పుడు వేరే విషయం ఎత్తి పోటీ పడకూడదు, ఆమె అన్నదానికే ఒక వాక్యం కలపాలి. ఆమె కాణిపాకం మీదుగా వచ్చానని చెబుతుంటే, ‘పొద్దునే వచ్చారా, గుడి దగ్గర రద్దీగా ఉందా?’ అని ఆమెనే అడగండి. పెద్దాయన చూపు దానంతట అదే మీ ఇద్దరి మీదా పడుతుంది. ఇంకొకరి మాటకు చోటిచ్చే మనిషిగా కనబడటం నాణ్యత విభాగంలో చిన్న విషయం కాదు. అక్కడ పని అంతా లైను వాళ్లతో, గోదాము వాళ్లతో కలిసి చేసేదే. ఎటొచ్చీ ఆ గదిలో జీతం ఎంతిస్తారని పక్కవాళ్లను అడగడం, పాత చోటి గురించి చెడ్డగా చెప్పడం వద్దు. రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయికి వినబడినవి లోపలికి చేరడానికి ఎంతోసేపు పట్టదు.

ఎక్కడ ఆపాలో తెలియాలి. ఆయన జవాబులు రెండు మాటలకు కురచబడితే, ‘సరే సరే’ అంటుంటే, పాదాలు తలుపు వైపు తిరిగితే, ఫోను చేతిలోకి వస్తే మాట అయిపోయినట్టే. ‘సరే సార్, లోపల కలుస్తాను’ అని మీరే వదిలేయండి. కొందరికి అసలు పిచ్చాపాటీ గిట్టదు. కొన్ని చోట్ల, ముఖ్యంగా ప్రభుత్వ బోర్డుల ముందు, నమస్కారం చెప్పి కూర్చోగానే ప్రశ్నలు మొదలవుతాయి. అక్కడ మాట కలపాలని చూస్తే చొరవ కాదు, చనువు అనిపించుకుంటుంది. మౌనంగా కూర్చున్నా ఏమీ పోదు.

ఇప్పుడు ముగింపు. ఇంటర్వ్యూ అయిపోయిందని ఎవరూ ప్రకటించరు. కాగితాలు సర్దుతారు, పెన్ను మూత పెడతారు, కుర్చీలో వెనక్కి వాలతారు. ఆ తర్వాత ‘ఏమైనా అడగాలా?’ అంటే అది ఇంకా ఇంటర్వ్యూలో భాగమే, దానికి పని గురించిన ప్రశ్న ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. ‘సరే అమ్మా, ఎలా వెళ్తావు?’ అన్నది మాత్రం అసలైన ముగింపు. దానికి ముందు చెప్పిన మూడు ముక్కల పద్ధతే, ఒక్క తేడాతో: ఇక్కడ ప్రశ్నకు బదులు ఇందాకటి మాటల్లో ఒకదాన్ని తిరిగి అందుకోవాలి.

‘సరే, ఎలా వెళ్తావు?’

‘చిత్తూరు బస్టాండుకు వెళ్లి తిరుపతి బస్సు ఎక్కుతాను సార్. మాగే గదుల గురించి మీరు చెప్పింది బాగుంది, పుస్తకంలో చదవడమే గానీ ఎప్పుడూ చూడలేదు.’

‘చూస్తావా? రెండు నిమిషాల పని.’

అంటే వెళ్లండి. అనకపోతే నమస్కారం పెట్టి లేవండి. ‘చూపిస్తారా సార్?’ అని మీరు అడగవద్దు, బయట ఇంకా జనం కూర్చుని ఉంటారు. టీ తాగి వెళ్లమంటే తాగండి. వద్దు వద్దని మొహమాటపడటంలో మర్యాద కంటే తొందర ఎక్కువ కనిపిస్తుంది.

ఈ రెండు నిమిషాల్లో చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, లోపల సరిగ్గా చెప్పలేని జవాబును నడవాలో మళ్లీ మొదలుపెడతారు. ‘సార్, ఇందాక మీరు అడిగినదానికి అసలు…’ అనగానే ఆయన మరిచిపోతున్న తడబాటు మళ్లీ గుర్తుకొస్తుంది. వాస్తవం తప్పు చెప్పి ఉంటే మాత్రం ఒక్క వాక్యంలో దిద్దండి: ‘ఆల్ఫాన్సోకు 14 అన్నాను సార్, 16 అనాల్సింది.’ నాణ్యత ఉద్యోగంలో తప్పును తానే పట్టుకోవడం మంచి లక్షణమే. అంతకు మించి వివరణ వద్దు. ‘నాకు వస్తుందంటారా సార్?’ అనే ప్రశ్న అసలే వద్దు, దానికి ఆయన నిజం చెప్పలేరు, అబద్ధం చెప్పడం ఇష్టం ఉండదు. ‘ఎప్పటికి తెలుస్తుంది సార్, ఫోను చేస్తారా, మెయిల్ పంపుతారా?’ అని అడగండి చాలు.

మాటలు రావన్నారు కాబట్టి సాధన గురించి కూడా చెబుతాను. అద్దం ముందు చేసే సాధన దీనికి పనికిరాదు, అద్దం ప్రశ్న అడగదు. ఈ మూడు వారాలూ ఇంట్లో, బస్సులో, కిరాణా కొట్లో ఎవరు పలకరించినా ఒక్క మాటతో ముగించకుండా ఇంకో ముక్క, ఒక ప్రశ్న కలపండి. పక్కింటి పిన్నిగారు ‘కాలేజీ అయిపోయిందా?’ అంటే ‘అయింది పిన్నీ, ఇప్పుడు ఇంటర్వ్యూలు. మీ వాడు ఎక్కడ చేస్తున్నాడు?’ అన్నట్టు. మొదట కృతకంగా ఉంటుంది, ఉండనివ్వండి. ఇంటర్వ్యూ రోజు బస్సులో ఫోను సంచిలో పెట్టి కిటికీలోంచి చూడండి. తోటలు, రోడ్డు పని, ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలిచిన లారీలు, కనిపించినవాటిలో మూడు గుర్తుంచుకుంటే చాలు. మూడింట్లో ఒకటే వాడతారు.

పోయిన వారం ఇంటర్వ్యూ సంగతి మిగిలింది. వారం దాటింది కాబట్టి, ఆ పెద్దాయనకు కాకుండా, మిమ్మల్ని పిలిచిన హెచ్చార్ విభాగానికి ఉదయం పదకొండు ప్రాంతంలో ఒక్కసారి ఫోను చేయండి. పేరు, ఏ రోజు వచ్చారో, ఏ ఉద్యోగానికో చెప్పి, నిర్ణయం అయిందా అని అడగండి. ఇంకా కాలేదంటే ఎప్పుడు చేయమంటారో అడిగి, ఆ తేదీ రాసుకుని పెట్టేయండి. అవతల ఫోను ఎత్తిన మనిషి ‘తిరుపతి నుంచి కదూ?’ అంటే, ‘అవును మేడమ్’ దగ్గర ఆగవద్దు.